స్కేలింగ్ వల్ల పళ్ళు కదలవు: ఆ మాట రోగి నమ్మేలా చెప్పడం ఎలా?

క్లుప్తంగా: దంత వైద్యశాలలు సామాజిక మాధ్యమాల్లో పెట్టే ‘అపోహ – వాస్తవం’ పోస్టుల్లో చాలావాటికి రెండే భాగాలుంటాయి. ఒకటి జనం నమ్మే మాట, రెండోది దానికి ఖండన. ఆ నమ్మకం ఏ అనుభవం నుంచి పుట్టిందో వాటిలో ఉండదు. పంటి మీద గట్టిగా పేరుకున్న గారను తీసే స్కేలింగ్ గురించిన అపోహను ఉదాహరణగా తీసుకుని, లోపించిన ఆ భాగాన్ని చేరిస్తే క్యాప్షన్ ఎలా మారుతుందో, వాక్యాల క్రమం ఎందుకు ముఖ్యమో, పరీక్షకు రమ్మనే మాట ఏ స్థాయిలో ఉండాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

## రెండు గడుల పోస్టు

దంత వైద్యశాలల పేజీల్లో తరచుగా కనిపించే నమూనా ఒకటుంది. చిత్రం పై సగంలో ఎర్రని అక్షరాలతో ‘అపోహ: స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి’ అని, కింది సగంలో ఆకుపచ్చ అక్షరాలతో ‘వాస్తవం: స్కేలింగ్ పూర్తిగా సురక్షితం’ అని రాస్తారు. చిత్రం కింద క్యాప్షన్‌లో అవే రెండు వాక్యాలు మళ్ళీ వస్తాయి. చివర ఫోన్ నంబరు, ‘ఈరోజే అపాయింట్‌మెంట్ తీసుకోండి’ అనే పిలుపు ఉంటాయి.

ఈ పోస్టు చెప్పేది చాలావరకు నిజమే. అయినా ఇది ఎవరి కోసం రాసిందో వారిని కదిలించలేదు. స్కేలింగ్ చేయించుకున్న వారం రోజులకు తన మేనమామ కింది పళ్ళు ఊగడం కళ్ళారా చూసిన వ్యక్తికి ‘పూర్తిగా సురక్షితం’ అనే మాట సమాధానం కాదు. ఆయన దగ్గర ఒక సాక్ష్యం ఉంది, పోస్టు దగ్గర ఒక హామీ మాత్రమే ఉంది. ఆ రెండింటిలో దేన్ని నమ్మాలో తేల్చుకోవడం ఆయనకు కష్టమేమీ కాదు.

అందువల్ల ఇలాంటి క్యాప్షన్ రాసేవారు మొదట అడగవలసింది ‘ఇది తప్పని ఎలా చెప్పాలి’ అని కాదు, ‘ఇది నిజమని ఎందుకు అనిపిస్తోంది’ అని. స్కేలింగ్ విషయంలో ఆ ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఉంది.

## అపోహ వెనక ఉన్న అనుభవం

పంటి మీద నిరంతరం చేరే మెత్తని పొరను పాచి అంటాం. అది ప్రధానంగా సూక్ష్మజీవుల పొర. బ్రష్‌తో పోతుంది. బ్రష్ అందని చోట మిగిలిపోయిన పాచిలోకి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు చేరి దాన్ని గట్టిపరుస్తాయి. ఈ గట్టిపడటం ఒకటి రెండు రోజుల్లోనే మొదలై, దాదాపు రెండు వారాల్లో పాచిని గారగా మార్చగలదు. గార ఒకసారి పట్టాక బ్రష్‌కు లొంగదు. కింది ముందు పళ్ళ లోపలివైపు, పై దవడ పళ్ళ బయటివైపు గార ఎక్కువగా పేరుకోవడానికి కారణం లాలాజల గ్రంథుల నాళాలు ఆ చోట్ల దగ్గరగా తెరుచుకోవడమే.

గార గరుకుగా ఉంటుంది కాబట్టి దాని మీద కొత్త పాచి సులభంగా నిలుస్తుంది. పాచిలోని సూక్ష్మజీవులకు స్పందనగా చిగురు వాస్తుంది, ఎర్రబడుతుంది, బ్రష్ తగలగానే నెత్తురు వస్తుంది. ఈ దశలో శుభ్రం చేస్తే చిగురు మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది. అలాగే వదిలేస్తే కొందరిలో వాపు లోతుకు దిగి, పంటిని పట్టి ఉంచే నార, దాని చుట్టూ ఉన్న ఎముక క్రమంగా తరగడం మొదలవుతుంది. అలా పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు. ఈ ప్రక్రియ చాలామందిలో ఏళ్ళ తరబడి నొప్పి లేకుండా సాగుతుంది. జనం ఆలస్యంగా రావడానికి ఇదే మూలం.

ఇప్పుడు నలభై అయిదేళ్ళ వ్యక్తిని ఊహించుకుందాం. ఆయన ఎన్నడూ పళ్ళు శుభ్రం చేయించుకోలేదు. కింది ముందు పళ్ళు నాలుగింటి వెనక గార ఒకే దిమ్మలా పట్టి, ఆ నాలుగింటినీ ఒకదానికొకటి అతికించినట్టు పట్టి ఉంచింది. కింద ఎముక చాలావరకు తరిగింది. మొదలు దగ్గర మట్టి కొట్టుకుపోయినా పక్క గుంజలతో కలిపి కట్టినందువల్ల నిలబడి ఉన్న కంచె గుంజ లాంటి స్థితి అది. స్కేలింగ్‌లో ఆ గార దిమ్మ ఊడిపోతుంది. ఆ సాయంత్రం అన్నం తింటుండగా పళ్ళు కదులుతున్నట్టు ఆయనకు మొదటిసారి తెలుస్తుంది. నాలుగైదు రోజులకు చిగురు వాపు దిగి, ఇన్నాళ్ళూ ఉబ్బిన చిగురు కప్పి ఉంచిన సందులు పళ్ళ మధ్య కనిపిస్తాయి. వేరు భాగం బయటపడినందువల్ల చల్లని నీళ్ళు జివ్వుమంటాయి.

ఆయన దృష్టిలో క్రమం ఇది: ముందు పళ్ళు గట్టిగా ఉన్నాయి, తర్వాత స్కేలింగ్ జరిగింది, ఆ వెంటనే పళ్ళు ఊగాయి, సందులు పడ్డాయి, జివ్వుమన్నాయి. ఈ మూడు మార్పులూ నిజంగానే జరిగాయి. ఆయన కల్పించింది ఏదీ లేదు. పొరపాటు ఒక్కచోటే ఉంది: ఎముక తరుగుదల కళ్ళకు కనిపించదు, స్కేలింగ్ కనిపిస్తుంది. కనిపించిన దానికే కారణం అంటగట్టడం మనిషి సహజ స్వభావం. పైగా స్కేలింగ్‌కు రావడంలోనే ఆలస్యం ఉంది కాబట్టి, ఇలాంటి అనుభవం ఎదురయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నవారే మొదటిసారి స్కేలింగ్ చేయించుకుంటారు. వారి అనుభవం ఇంట్లో, వీధిలో చెప్పుకోగా విన్నవారు తమ వంతు వచ్చేసరికి ఇంకా ఆలస్యం చేస్తారు. ఆ ఆలస్యంలో మరింత ఎముక పోతుంది. అపోహ తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకునే వలయం ఇది. దంత వైద్యానికి సంబంధించిన చాలా అపోహలకన్నా దీనికి ఎక్కువ బలం ఉండటానికి కారణం ఇదేనని చెప్పవచ్చు.

## ఖండన ఒక్కటే ఎందుకు చాలదు

తప్పుడు సమాచారాన్ని సరిదిద్దిన తర్వాత కూడా అది మనుషుల ఆలోచనలో ఎందుకు నిలిచి ఉంటుందో మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. అమెరికాలో హోలిన్ జాన్సన్, కొలీన్ సీఫర్ట్ 1994లో ప్రచురించిన ప్రయోగాలు ఈ చర్చలో తరచుగా ప్రస్తావనకు వస్తాయి. ఒక గోదాములో జరిగిన అగ్నిప్రమాదం గురించిన వార్తలను పాఠకులకు ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చారు. గదిలో నూనె రంగులు, గ్యాస్ సిలిండర్లు నిర్లక్ష్యంగా పెట్టారని ముందు చెప్పి, ఆ గది ఖాళీగానే ఉందని తర్వాత సవరించారు. సవరణను చదివి, గుర్తుపెట్టుకున్నవారు కూడా ప్రమాదానికి కారణాలు అడిగినప్పుడు ఆ రంగులు, సిలిండర్ల మీదే ఆధారపడ్డారు. సవరణతో పాటు, ఎవరో కావాలని నిప్పు పెట్టారని సూచించే మరో కారణం అందించినప్పుడు మాత్రం ఆ ఆధారపడటం తగ్గింది.

దీని నుంచి క్యాప్షన్ రాసేవారికి అవసరమైన విషయం ఒకటే. జరిగినదానికి కారణంగా మనసులో కూర్చున్న వివరణను తీసేయాలంటే, ఆ చోటును నింపే మరో వివరణ ఇవ్వాలి. ‘స్కేలింగ్ వల్ల కాదు’ అని మాత్రమే చెబితే ‘మరి మామయ్య పళ్ళు ఎందుకు ఊగాయి’ అనే ప్రశ్న అలాగే మిగిలి, పాత వివరణే తిరిగి వచ్చి కూర్చుంటుంది. ‘గార పట్టి ఉంచిన పళ్ళలో అప్పటికే ఉన్న కదలిక బయటపడింది’ అని చెప్పినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, చెప్పిన మనిషి అబద్ధమాడలేదన్న గౌరవమూ నిలుస్తుంది. పెద్దవారి మాటను కొట్టిపారేసే పోస్టును ఇంట్లో ఎవరూ పంచుకోరు. వారు చూసింది నిజమేనని ఒప్పుకుని, కారణాన్ని మాత్రం సరిచేసే పోస్టును అదే పెద్దవారికి కూడా చూపించవచ్చు.

కాబట్టి ఈ తరహా క్యాప్షన్‌కు ఉండవలసినవి రెండు భాగాలు కావు. వాస్తవం, అపోహలతో పాటు ‘ఎందుకు అలా అనిపిస్తుంది’ అనే మూడో భాగం ఉండాలి. నిజానికి క్యాప్షన్‌లో ఎక్కువ చోటు దక్కవలసింది దానికే.

## ముందు ఏ వాక్యం రావాలి

మరో లోపం వాక్యాల క్రమంలో ఉంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి చోట్ల క్యాప్షన్ మొత్తం ఒక్కసారిగా కనిపించదు. మొదటి రెండు పంక్తుల తర్వాత మిగతాది మడతపడి, నొక్కితేనే తెరుచుకుంటుంది. క్యాప్షన్ ‘అపోహ’ అనే మాటతో, ఆ తర్వాత అపోహ వాక్యంతో మొదలైతే, వేగంగా తెర జరుపుతూ పోయే పాఠకుడికి దక్కేది అపోహ ఒక్కటే. వాట్సాప్‌లో పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. అక్కడ చాలాసార్లు చిత్రం మాత్రమే చేతులు మారుతుంది, క్యాప్షన్ మూలంలోనే ఉండిపోతుంది.

తప్పని చెప్పిన మాట కూడా పదేపదే వినగా పరిచయమై, కొంతకాలానికి నిజంగా గుర్తుండిపోయే ప్రమాదం ఉందని, వయసు పైబడినవారిలో ఇది ఎక్కువని ఇయాన్ స్కర్నిక్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం చూపింది. అయితే ఈ ప్రమాదాన్ని అతిగా ఊహించుకోవలసిన పనిలేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. స్టీఫన్ లెవాండోవ్‌స్కీ, జాన్ కుక్ తదితరులు 2020లో వెలువరించిన మార్గదర్శకాలు అపోహను ఒక్కసారి ప్రస్తావించడం తప్పు కాదనీ, ముందు వాస్తవం, తర్వాత అపోహ గురించిన హెచ్చరిక, అది ఎక్కడ పొరబడిందో వివరణ, చివర మళ్ళీ వాస్తవం అనే క్రమం మేలనీ సూచిస్తాయి. దంత వైద్యశాల క్యాప్షన్‌కు ఈ క్రమం సరిగ్గా సరిపోతుంది. చిత్రం మీద పెద్ద అక్షరాల్లో ఉండవలసింది వాస్తవం. అపోహ చిన్న అక్షరాల్లో, ఒక్కసారే రావాలి.

తెలుగులో రాసేవారికి నిడివి విషయంలో ఒక చిన్న హెచ్చరిక అవసరం. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు 2,200 అక్షరాల పరిమితి ఉంది. యంత్రం లెక్కలో గుణింతం, పొల్లు, సున్న అన్నీ విడివిడి అక్షరాలే. ‘స్కేలింగ్’ అనే మాట చూపుకు మూడు అక్షరాలుగా కనిపించినా లెక్కకు 9 అవుతుంది. వివరణకు చోటు చాలకపోవడానికి ఇదీ ఒక కారణం కాబట్టి, ఒక పోస్టులో ఒకే అపోహను తీసుకోవడం మంచిది. ‘పళ్ళ గురించి పది అపోహలు’ అనే పోస్టులో ఏ ఒక్కదానికీ కారణం చెప్పే వీలుండదు.

## పూర్తి క్యాప్షన్, వాక్యం వెంట వాక్యం

పై సూత్రాలతో స్కేలింగ్ క్యాప్షన్‌ను తిరిగి రాస్తే ఇలా ఉండవచ్చు:

> స్కేలింగ్ పళ్ళను వదులు చేయదు. పళ్ళు కదలడానికి ప్రధాన కారణం వాటిని పట్టి ఉంచే ఎముక తరిగిపోవడం.
>
> ‘క్లీనింగ్ చేయించాకే నా పళ్ళు కదిలాయి’ అని కొందరు చెబుతారు. వారు గమనించింది నిజమే. ఏళ్ళ తరబడి పేరుకున్న గార పక్కపక్క పళ్ళను అతికించినట్టు పట్టి ఉంచుతుంది. దాని కింద చిగురు వాచి, ఎముక కొద్దికొద్దిగా తరుగుతుంది. గార తీశాక, అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది.
>
> వాపు తగ్గాక పళ్ళ మధ్య సందులు కనిపించవచ్చు. కొన్ని రోజులు చల్లని నీళ్ళు జివ్వుమనవచ్చు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మళ్ళీ చూపించుకోండి.
>
> బ్రష్ చేసేటప్పుడు నెత్తురు రావడం, నోటి దుర్వాసన, కింది ముందు పళ్ళ లోపలివైపు నాలుకకు గరుకుగా తగలడం వంటివి ఉంటే, నొప్పి లేకపోయినా ఒకసారి చూపించుకోండి. స్కేలింగ్ అవసరమో కాదో పరీక్ష చేశాకే చెప్పగలం.

మొదటి రెండు వాక్యాలు మడత పడకముందే కనిపించే చోట ఉన్నాయి. వాటిలో ఖండనతో పాటు అసలు కారణం కూడా ఉంది కాబట్టి, పాఠకుడు అక్కడితో ఆగిపోయినా ఖాళీ చేతులతో పోడు. రెండో భాగం అపోహను ఒక రోగి మాటగా, ఒక్కసారే చెబుతుంది. ‘గమనించింది నిజమే’ అనే మూడు నాలుగు మాటలు ఈ క్యాప్షన్‌లో అన్నిటికన్నా ఎక్కువ పని చేస్తాయి, ఎందుకంటే చదివేవారు అక్కడే తమ వాదన ఆపి వినడం మొదలుపెడతారు.

మూడో భాగాన్ని చాలా వైద్యశాలలు వదిలేస్తాయి. సందులు, జివ్వుమనడం వంటివి ముందే చెబితే రోగి భయపడి రాడేమోనన్న సందేహం దానికి కారణం కావచ్చు. కానీ ఇది చెప్పకపోతే, స్కేలింగ్ చేయించుకున్న ప్రతి రోగీ ఆ మార్పులను నష్టంగా అర్థం చేసుకుని, అపోహకు కొత్త సాక్షిగా మారే అవకాశం ఉంది. ముందే చెప్పిన మార్పు ఎదురైనప్పుడు అది వైద్యుని మాటను బలపరుస్తుంది.

చివరి భాగంలో రోగి తన ఇంట్లోనే, తనంతట తానే గుర్తించగల మూడు లక్షణాలు ఉన్నాయి. ‘చిగుళ్ళ వ్యాధి ఉంటే రండి’ అని రాస్తే ఎవరూ తమకది ఉందనుకోరు. వ్యాధి పేరు వైద్యుడు పెట్టవలసినది, లక్షణం రోగి గుర్తించవలసినది.

## ‘వాస్తవం’ కూడా హద్దు దాటకూడదు

అపోహను ఖండించే ఉత్సాహంలో అసలు నిజాన్ని మించిపోవడం ఈ పోస్టుల్లో కనిపించే మరో దోషం. ‘స్కేలింగ్ వల్ల ఎలాంటి హానీ ఉండదు’ అనే వాక్యాన్ని జాగ్రత్తగల దంత వైద్యులెవరూ అలాగే ఒప్పుకోరు. అల్ట్రాసోనిక్ స్కేలర్ కొన సెకనుకు దాదాపు 25,000 నుంచి 40,000కు పైగా సార్లు కంపిస్తూ గారను విడగొడుతుంది. పుట్టే వేడిని చల్లార్చడానికి నీరు ప్రవహిస్తూ ఉంటుంది. కొన పక్క భాగాన్ని పంటికి ఆనించి, తేలికపాటి ఒత్తిడితో, తగిన శక్తి స్థాయిలో వాడినప్పుడు పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్‌కు చెప్పుకోదగ్గ నష్టం జరగదు. కొన మొనను నేరుగా గుచ్చినట్టు పట్టినా, ఒత్తిడి పెంచినా, ముఖ్యంగా ఎనామెల్ కన్నా మెత్తనైన వేరు భాగం మీద గీతలు పడవచ్చు. అందువల్ల హాని గురించి చెప్పే ‘వాస్తవం’ వాక్యంలో ‘సరైన పద్ధతిలో చేసినప్పుడు’ అనే షరతు ఉండాలి.

రంగు విషయంలో స్థానిక పరిస్థితులు కూడా లెక్కలోకి వస్తాయి. ‘స్కేలింగ్‌తో పళ్ళు తెల్లబడతాయి’ అనే మాటను కొన్ని వైద్యశాలలు వాస్తవంగా రాస్తాయి. స్కేలింగ్ తీసేది పైన పట్టిన గార, టీ, పొగాకు మరకలను మాత్రమే. పంటి సహజ రంగును అది మార్చదు. నల్గొండ ప్రాంతంలో, ప్రకాశం జిల్లాలోని కొన్ని చోట్ల దశాబ్దాలపాటు తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నందువల్ల ఎంతోమంది పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలుంటాయి. ఆ మచ్చలకు మూలం పళ్ళు ఏర్పడే బాల్యదశలోనే ఎనామెల్‌లో పడిన లోపం. అలాంటి ప్రాంతంలో ఈ క్యాప్షన్ చదివి స్కేలింగ్ చేయించుకున్న వ్యక్తి అద్దంలో అవే మచ్చలు చూసి, వైద్యశాల మోసం చేసిందని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. హైదరాబాదులో రాసిన క్యాప్షన్‌ను నల్గొండ శాఖ పేజీలో యథాతథంగా వాడేముందు ఈ ఒక్క వాక్యాన్నయినా సరిచూసుకోవాలి.

నెత్తురు గురించిన వాక్యానికీ ఇలాంటి హద్దు ఉంది. బ్రష్ చేసేటప్పుడు నెత్తురు రావడం చిగుళ్ళ వాపుకు గుర్తు. కానీ నెత్తురు రాకపోవడం ఆరోగ్యానికి హామీ కాదు. పొగ తాగేవారిలో చిగుళ్ళ నుంచి నెత్తురు రావడం తగ్గుతుంది, లోపల ఎముక తరుగుదల మాత్రం ఇతరులకన్నా ఎక్కువగా సాగుతుంది. ఉత్తరాంధ్రలో చుట్ట వెలిగిన వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలున్న గ్రామాలకు చేరే పోస్టులో ‘నెత్తురు వస్తే రండి’ అనే పిలుపు ఒక్కటే సరిపోదు. వారికి అంగిలి మీద తెల్లని, ఎర్రని మచ్చల కోసం పరీక్ష మరింత అవసరం. పొగాకు వాడేవారు లక్షణాలతో నిమిత్తం లేకుండా చూపించుకోవాలని అక్కడి క్యాప్షన్ చెప్పాలి.

## భయపెట్టకుండా పిలవడం

ఊడిపోయిన పళ్ళు, చీముపట్టిన చిగుళ్ళ చిత్రాలు పెడితే జనం త్వరగా వస్తారన్న నమ్మకం దంత వైద్య ప్రచారంలో పాతదే. దీన్ని మొదట పరీక్షకు పెట్టిన ప్రసిద్ధ ప్రయోగం కూడా దంత సంరక్షణ మీదే జరిగింది. 1953లో ఇర్వింగ్ జానిస్, సీమోర్ ఫెష్‌బాక్ అమెరికాలోని ఒక హైస్కూలు విద్యార్థులకు నోటి శుభ్రతపై మూడు రకాల ప్రసంగాలు వినిపించారు. ఒకటి తీవ్రంగా భయపెట్టేది, ఒకటి మధ్యస్థం, ఒకటి నామమాత్రం. తీవ్ర ప్రసంగం విన్నవారు ఎక్కువ కలవరపడ్డారు. కానీ వారం తర్వాత అడిగినప్పుడు, సూచించిన అలవాట్లకు ఎక్కువగా మారినట్టు చెప్పినవారు నామమాత్రపు ప్రసంగం విన్న విద్యార్థులే. తర్వాతి దశాబ్దాల పరిశోధన ఈ ఫలితాన్ని అన్ని చోట్లా సమర్థించలేదు. తాను చేయగల, పని చేస్తుందని నమ్మకమున్న అడుగు ఒకటి ఎదురుగా ఉన్నప్పుడు భయం కూడా మనిషిని కదిలించగలదని తేలింది. అలాంటి అడుగు చూపించకుండా పెట్టే భయం మాత్రం తప్పించుకోవడానికే దారి తీస్తుంది.

దంత వైద్యం విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం, ఎందుకంటే చాలామందికి అసలు భయం వ్యాధి అంటే కాదు, కుర్చీ అంటే. ఖర్చు ఎంతవుతుందోనన్న జంకు, ఇన్నాళ్ళూ రానందుకు మందలిస్తారేమోనన్న బిడియం దానికి తోడవుతాయి. అందువల్ల పిలుపు వాక్యం చిన్న అడుగును అడగాలి. ‘స్కేలింగ్ చేయించుకోండి’ అనే దానికన్నా ‘ఒకసారి చూపించుకోండి’ అనేది తేలిక. మొదటి పరీక్షలో ఏం జరుగుతుందో ఒక వాక్యంలో చెబితే అది ఇంకా తేలికవుతుంది: చిగురుకూ పంటికీ మధ్య లోతును సన్నని కొలబద్దతో చూస్తారు, మూడు మిల్లీమీటర్ల వరకు సాధారణం, నాలుగు, ఆపైన ఉంటే మరింత పరిశీలన అవసరం. తన కొలతలు తెలుసుకోవడానికి వచ్చే రోగి, చికిత్సకు ఒప్పుకోవలసి వస్తుందన్న బెంగతో వచ్చే రోగి కన్నా కుదురుగా ఉంటాడు.

‘ప్రతి ఒక్కరూ ఆరు నెలలకోసారి తప్పనిసరి’ అనే వాక్యం కూడా పునరాలోచించదగినదే. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2004లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవారిలో పరీక్షల మధ్య విరామం వ్యక్తి ప్రమాద స్థాయిని బట్టి 3 నెలల నుంచి 24 నెలల వరకు ఉండవచ్చని చెబుతాయి. మధుమేహం ఉన్నవారు, పొగాకు వాడేవారు, ఇదివరకే చిగుళ్ళ చికిత్స అయినవారు త్వరగా రావాలి. ఏ సమస్యా లేనివారు అంత తరచుగా రావలసిన పని ఉండకపోవచ్చు. ‘మళ్ళీ ఎప్పుడు రావాలో మీ చిగుళ్ళ స్థితిని బట్టి చెబుతాం’ అని రాసిన వైద్యశాల ఒక అపాయింట్‌మెంటు పోగొట్టుకున్నా, నమ్మకం సంపాదిస్తుంది.

వృత్తి నియమాల కోణం కూడా ఇక్కడ ఉంది. భారత దంత వైద్య మండలి 2014లో తెచ్చిన నైతిక నియమావళి, రోగులను రాబట్టుకోవడానికి చేసే ప్రకటనలపై పరిమితులు విధిస్తుంది. అవగాహన కల్పించే క్యాప్షన్ తగ్గింపు ధరలు, ‘మా దగ్గరే ఉత్తమం’ అనే పోలికలు, రోగుల ప్రశంసలతో నిండితే అది ప్రకటన వైపు జారుతుంది. ‘మీకు దగ్గరలోని దంత వైద్యునికి చూపించుకోండి’ అనే మాట ఆ జారుడును ఆపుతుంది, పోస్టు దూరప్రాంతాలకు చేరినప్పుడు పనికివస్తుంది కూడా.

## అదే అచ్చు, వేరే అపోహ

పై పన్ను తీయిస్తే కంటిచూపు దెబ్బతింటుందన్న నమ్మకం తెలుగు ప్రాంతాల్లో స్కేలింగ్ అపోహ అంత బలమైనదే. కానీ దాని నిర్మాణం వేరు. అక్కడ పంటికీ కంటికీ మధ్య నిజంగా జరిగిన మార్పు ఏదీ లేదు. పై పళ్ళకు స్పర్శనిచ్చేది అయిదో కపాల నాడి శాఖ, చూపును మోసేది రెండో కపాల నాడి. ఒకదాని మీద చేసే పని మరొకదాన్ని తాకదు. అయినా ఇంతటితో ఆగితే గోదాము ప్రయోగంలోని ఖాళీయే ఇక్కడా మిగులుతుంది: మరి పళ్ళు తీయించుకున్న తర్వాత అంతమందికి చూపు ఎందుకు మందగించింది?

జవాబు వయసులో ఉంది. చిగుళ్ళ వ్యాధితో, పుచ్చుతో పళ్ళు తీయించుకోవలసి రావడం నలభైల్లో ఎక్కువవుతుంది. చత్వారం మొదలయ్యేదీ ఆ వయసులోనే. రెండూ ఒకే కాలంలో వస్తాయి కాబట్టి ముందు జరిగింది తర్వాతిదానికి కారణమన్న భావన కలుగుతుంది. మధుమేహం ఉన్నవారిలో చిగుళ్ళూ, కళ్ళూ రెండూ దెబ్బతినగలవు కాబట్టి ఆ జత మరింత బలంగా కనిపిస్తుంది. ఈ ఒక్క వివరణ చేర్చితే క్యాప్షన్ అపోహను సరిదిద్దడంతో పాటు, రెండింటికీ ఉపయోగపడే సలహా కూడా ఇవ్వగలుగుతుంది: నలభై దాటినవారు పళ్ళనూ, కళ్ళనూ, రక్తంలో చక్కెరనూ చూపించుకోవాలి. ‘ఎప్పుడూ ఏమీ కాదు’ అనే మాటను మాత్రం ఇక్కడా తప్పించాలి. మత్తు ఇంజెక్షన్ తర్వాత అరుదుగా కొందరికి చూపు కాసేపు రెండుగా కనిపించి, మత్తు దిగగానే సరిపోవడం ఉంది.

## పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

ఇలాంటి పోస్టుకు వచ్చే లైకుల సంఖ్య దాని ప్రభావాన్ని చెప్పదు. ఇప్పటికే స్కేలింగ్ చేయించుకునేవారు, తోటి దంత వైద్యులు లైక్ కొట్టడం సహజం. కొంచెం మెరుగైన సూచిక, పోస్టును దాచుకున్నవారు, ఇతరులకు పంపినవారి సంఖ్య. వివరణ ఉన్న పోస్టును జనం ఇంట్లోవారికి చూపించడానికి దాచుకుంటారు.

అన్నిటికన్నా నమ్మదగిన సమాచారం రోగి వివరాలు రాసుకునే సమయంలో దొరుకుతుంది. కొత్త రోగిని ‘స్కేలింగ్ గురించి ఇంతకుముందు ఏం విన్నారు’ అని మామూలుగా అడిగి, జవాబును వారి మాటల్లోనే రాసుకుంటే, కొన్ని నెలల తర్వాత తేడా కనిపిస్తుంది. ‘పళ్ళు వదులవుతాయటగా’ అనే జవాబులు ‘గార తీశాక కదలిక తెలుస్తుందటగా, నాది ఎంత ఉందో చూడండి’ అనే ప్రశ్నలుగా మారుతుంటే, ఆ క్యాప్షన్‌లోని మూడో భాగం చేరవలసినవారికి చేరింది. జవాబులు మారకపోతే, రోగులు చెబుతున్న అనుభవంలో క్యాప్షన్ ఇంకా వివరించనిది ఏదో ఉందని అర్థం. తర్వాతి క్యాప్షన్‌కు కావలసిన మొదటి వాక్యం ఆ రాసుకున్న మాటల్లోనే దొరుకుతుంది.